దగ్గరగా, ప్రశాంతంగా

ఆ సర్వే ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ ‘కదా మేడమ్’. ఏ ప్రశ్న చివర ‘కదా’ కనిపించినా ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. “మీ వీధి శుభ్రంగానే ఉంటోంది కదా?” అని అడిగితే ఎదుటి మనిషి మొహమాటానికైనా అవుననేస్తాడు, అది అతని జవాబు కాదు, మనం అతని నోట్లో పెట్టి మళ్ళీ బయటికి తీసుకున్న మన మాటే అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. విన్నవాళ్ళు తలూపుతారు. తలూపడాన్ని కూడా ఆవిడ పూర్తిగా నమ్మదు.

ఆవిడ పని మరీ గొప్పదేం కాదు. ఎవరో ఒకరు, ఏదో ఒక శాఖ, జనాన్ని ఏదో అడగాలనుకుంటారు. ప్రశ్నలు రాసి పంపుతారు. ఆ ప్రశ్నలు ఇంటింటికీ వెళ్ళేముందు ఈవిడ బల్ల మీదికి వస్తాయి. జవాబును ఒక పక్కకి తోసే ప్రశ్న ఉందా, ఒకే ప్రశ్నలో రెండు సంగతులు కలిపి అడిగారా, ఇచ్చిన జవాబులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయా అని చూసి సరిచెయ్యడమే ఉద్యోగం. మంచి ప్రశ్న అడిగినందుకు ఎవరూ మెచ్చుకోరు. చెడ్డ ప్రశ్న అడిగితే మాత్రం వేల మంది జవాబులు తగలేసినట్టే, ఆ తప్పు ఎవరిదో కూడా బయటికి తెలియదు. అందుకే ఆవిడకి ఆ పని మీద అంత పట్టుదల, కొంచెం విసుగు కూడా.

వయసులో ఉండగా ఇల్లిల్లూ తిరిగి తనే ప్రశ్నలు అడిగేది. అప్పుడే ఒక గుమ్మంలో ఒక పెద్దాయన్ని “మీ ఊరి ఆస్పత్రిలో డాక్టర్లు, మందులు బాగున్నాయా?” అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, “డాక్టరు బంగారం లాంటి మనిషి, మందులే లేవు. ఇప్పుడు అవుననమంటావా, కాదనమంటావా?” అన్నాడు. కాగితం మీద రెండు గళ్ళే ఉన్నాయి. ఆవిడ నీళ్ళు నమిలి, ‘అవును’ గడిలో టిక్కు పెట్టేసి వచ్చింది. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. మందుల్లేవని చెప్పిన మనిషి చేత మందులు బాగున్నాయని చెప్పించింది తను. ఈ ఉద్యోగంలోకి ఆవిడని తెచ్చి కూర్చోబెట్టింది ఆ పూటే అనుకోవచ్చు.

ఇంట్లో ఆవిడ భర్త మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి, మాటకారి. “కాఫీ పెట్టమంటారా, టీ పెట్టమంటారా?” అని ఆవిడ అడిగితే, “రెండూ వద్దు అనే గడి ఏదీ? నీ ప్రశ్నావళి తప్పు” అనేవాడు. ఆవిడ నవ్వు ఆపుకుని రెండూ పెట్టకుండా ఊరుకునేది. కాసేపయ్యాక ఆయనే వంటింట్లోకి వచ్చి కాఫీ గిన్నె వెతుక్కునేవాడు.

పిల్లలు లేరు. భర్త కాకుండా ఆవిడకి ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయేనాటికి ఈవిడ ఇంకా పలక పట్టుకుని తిరిగే పిల్ల. అక్క చదువు మానేసి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది. పొద్దస్తమానం చెవులకి యంత్రం తగిలించుకుని, వాళ్ళనీ వీళ్ళనీ కలుపుతూ, సాయంత్రం వచ్చి చెల్లెలి జడ వేసి, పాఠం చెప్పి, వండి పెట్టేది. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి. చెల్లెలి పెళ్ళి అయ్యాక అక్క, “హమ్మయ్య, నా కాల్ కలిసింది” అని నవ్వింది. అంతకుమించి తన సంగతి ఎవరితోనూ అనలేదు. అక్కకి కోపం వస్తే తెలిసేది కాదు, నొప్పి వస్తే తెలిసేది కాదు. ఎక్స్ఛేంజీలో నేర్చుకున్న గొంతు అది, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది.

ఆ అక్క మూడేళ్ళుగా ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉంటోంది. కీళ్ళు పట్టేసి, మెట్ల మీద పడి, ఇక చెల్లెలి ఇంటి రెండో అంతస్తు ఎక్కలేని పరిస్థితి వచ్చినప్పుడు, తనే “నన్ను హోమ్‌లో చేర్చు” అంది. చెల్లెలు కన్నీళ్ళు పెట్టుకుంది. చివరికి ఒప్పుకున్నది ఒక్క కారణానికే, హోమ్ ఇంటికి రెండు వీధుల అవతల, బస్టాండు ఎదురుగానే ఉంది. ఆఫీసు నుంచి వస్తూ దిగేది అక్కడే. వాన వచ్చినా, జ్వరం వచ్చినా, చెల్లెలు సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళకుండా ఇంటికి వెళ్ళింది లేదు. అక్క తల దువ్వుకుని, మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉండేది. చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుని ఆఫీసు కబుర్లన్నీ చెప్పేది. లేచేముందు, “ఇక్కడ బాగానే ఉంది కదా అక్కా?” అనేది. “బాగానే ఉందే చిన్నీ” అనేది అక్క. ఆ మాట మోసుకుని చెల్లెలు ఇంటికి వెళ్ళి నిద్రపోయేది.

ఒకరోజు ఆవిడ బల్ల మీదికి వచ్చిన ప్రశ్నావళి ఆ హోమ్‌దే.

సంగతి ఇది. ఊరి మధ్య ఉన్న ఆ పాత హోమ్‌ని మూసేసి, అందులోవాళ్ళని సగం రోజు బస్సు ప్రయాణం దూరంలో కొత్తగా కట్టిన పెద్ద హోమ్‌కి తరలించాలని పైవాళ్ళ ఆలోచన. అయితే ముందు అక్కడ ఉంటున్నవాళ్ళని అడిగి, వాళ్ళ మాటను బట్టే తేలుస్తామన్నారు. ప్రశ్నలు రాసింది హోమ్ వార్డెనమ్మ. అక్కడివాళ్ళని కన్నతల్లిలా చూసుకునే మనిషి. ఆవిడకి హోమ్ మూతపడటం ఇష్టం లేదు. అది మొదటి ప్రశ్నలోనే తెలిసిపోతోంది: “ఇన్నేళ్ళుగా అలవాటైన ఈ ఇంటిని, మీ ఆత్మీయులను వదిలి ఎక్కడో దూరంగా ఉన్న కొత్త భవనానికి వెళ్ళడం మీకు కష్టంగా ఉంటుంది కదా?”

కదా మేడమ్ ఆ ప్రశ్నని రెండుసార్లు చదివింది. ఈ కాగితం ఇలాగే వెళితే కాదనేవాళ్ళు ఒక్కరుండరు. హోమ్ నిలుస్తుంది. అక్క ఇక్కడే ఉంటుంది. పెన్ను మూత తియ్యకుండా కాగితాన్ని అలా చూస్తూ కూర్చుంది. అక్క వెళ్ళిపోతే సాయంత్రాలు ఏం చెయ్యాలో ఆవిడకి నిజంగా తెలియదు. ఆ దూరానికి నెలకోసారి వెళ్ళగలిగితే గొప్ప. తనని పెంచిన మనిషిని అంత దూరం పంపి ఇక్కడ అన్నం ఎలా తింటుంది?

కాసేపటికి లేచి అధికారి గదిలోకి వెళ్ళింది.

“సార్, ఈ హోమ్‌లో మా అక్క ఉంటుంది. ఇది నేను చూడకూడదు” అంది.

అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “ఇది చూడటానికి ఉన్నది మీరూ, గుండుసూదీను. ఎటూ ప్రతిదీ ఇద్దరూ చదవాల్సిందే. మీరు చదవండి, మీ అక్కగారి సంగతి ఫైల్లో రాసిపెట్టండి. ఇద్దరికీ తేడా వస్తే మాత్రం చివరి మాట ఆయనది. సరేనా?”

“సరే సార్.”

గుండుసూది అంటే పక్క బల్ల ఆయన. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. చదివిన ప్రతి కాగితానికీ తన అభ్యంతరాలు చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చుతాడు, అందుకని ఆ పేరు. మనిషి మాట కూడా అలాగే గుచ్చుకుంటుంది. వాళ్ళిద్దరూ విడివిడిగా చదవాలి, ఒకరి దిద్దుబాట్లు ఒకరు ముందుగా చూడకూడదు. అది ఆ ఆఫీసు పద్ధతి.

ఆవిడ తిరిగి వచ్చి పెన్ను మూత తీసింది. మొదటి ప్రశ్న చివరి ‘కదా’ కొట్టేసింది. ‘కదా’ ఒక్కటి పోతే సరిపోదు, ‘అలవాటైన’, ‘ఆత్మీయులను వదిలి’, ‘ఎక్కడో దూరంగా’ అన్న మాటలు కూడా చెయ్యి పట్టుకుని లాగేవే. అన్నీ కొట్టేసి, కింద రాసింది: “మీకు ఈ హోమ్‌లో ఉండాలని ఉందా, కొత్త హోమ్‌కి వెళ్ళాలని ఉందా, లేక ఏదైనా ఫరవాలేదా, ఇంకా నిర్ణయించుకోలేదా?” సగం మందికి ఇక్కడి మాట ముందు, సగం మందికి అక్కడి మాట ముందు వచ్చేలా రెండు రకాలుగా అచ్చువెయ్యాలని పక్కన రాసింది, ముందు విన్న మాట వైపు మనసు మొగ్గకుండా.  తన అక్కని తనే బస్సెక్కిస్తున్నట్టు ఉంది.

మిగతావి మామూలు తప్పులే. “ఇక్కడి భోజనం, సిబ్బంది ప్రవర్తన మీకు తృప్తిగా ఉన్నాయా?” అన్నది జంట ప్రశ్న, దాన్ని రెండు చేసింది. ఎంతకాలంగా ఉంటున్నారని అడిగి, ‘ఏడాది లోపు, ఏడాది నుంచి మూడేళ్ళు, మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు, ఐదేళ్ళు ఆపైన’ అని ఇచ్చారు. సరిగ్గా మూడేళ్ళయిన మనిషి రెండు గళ్ళలోనూ పడుతుంది. ‘ఏడాది నిండలేదు’, ‘ఏడాది నిండి మూడేళ్ళు నిండలేదు’, ‘మూడేళ్ళు నిండి ఐదేళ్ళు నిండలేదు’, ‘ఐదేళ్ళు నిండాయి’ అని దిద్దింది. దిద్దుతుంటే అక్కకి మొన్ననే మూడేళ్ళు నిండాయని గుర్తొచ్చింది.

చివరిపేజీలో ఒక ప్రశ్న ఉంది: “మీ కుటుంబానికి దగ్గరగా, ప్రశాంతంగా జీవించాలని మీరు కోరుకుంటున్నారా?” జవాబులు ‘చాలా ఎక్కువగా, ఎక్కువగా, కొంతవరకు, లేదు’. మూడు అవునులూ ఒక కాదూ. ఇలా ఒకవైపే బరువు పెట్టకూడదని ఆవిడ వాటిని సమం చేసింది, అటు రెండు, ఇటు రెండు, మధ్యలో ‘ఎటూ చెప్పలేను’. చూసుకుని, బాగుంది అనుకుని, సంతకం పెట్టి అధికారికి ఇచ్చింది.

మర్నాడు వార్డెనమ్మ ఆఫీసుకే వచ్చేసింది. దిద్దిన సంగతి ఆవిడకి ఎలాగో తెలిసింది. వరండాలో బెంచీ మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

“మేడమ్, నా ప్రశ్నలన్నీ చీల్చి చెండాడారట.”

“మీ మంచితనం చీల్చలేదు వార్డెన్ గారూ. ప్రశ్నలే దిద్దాను.”

“మీ అక్కగారు కూడా అక్కడే ఉన్నారు. ఆవిణ్ణి పంపేస్తే మీకేం బాధ ఉండదా?”

“ఉంటుంది. రాత్రి అన్నం తినలేదు నేను.”

“మరి?”

“మీరు రాసినట్టు అడిగితే అందరూ ఇక్కడే ఉంటామంటారు. ఆ జవాబు వాళ్ళది కాదు, మీదీ నాదీ. వాళ్ళని అడుగుతున్నామని చెప్పి మనల్ని మనమే ప్రశ్నించుకుంటే ఎలా?”

వార్డెనమ్మ కొంగు నడుముకి దోపుకుంది. “నా చేతుల్లో పోయినవాళ్ళు ఎంతమందో మీకు తెలియదు. వాళ్ళకేం కావాలో నాకు తెలుసు” అంది. లేచి వెళ్ళిపోయింది. ఆవిడ అన్నది అబద్ధం కాదని కదా మేడమ్‌కి తెలుసు, అందుకే మరీ బాధేసింది.

ఆ మధ్యాహ్నమే గుండుసూది, తన చదువు ముగించి ఆవిడ దిద్దుబాట్లతో పోల్చి చూసుకుని, ఆవిడ కాగితం తిరిగి తెచ్చాడు. చివరిపేజీ మీద ఒకే ఒక్క చీటీ గుచ్చి ఉంది. అందులో రెండే మాటలు: ‘జంట ప్రశ్న’.

ఆవిడ చదివి, మళ్ళీ చదివి, “ఏది సార్?” అంది.

“దగ్గరగా, ప్రశాంతంగా. మధ్యలో కామా ఉంది, కనిపించలేదా?”

“కనిపించింది. కానీ అది ఒకటే సంగతి. అయినవాళ్ళు దగ్గరుంటే మనిషికి ప్రశాంతంగా ఉంటుంది. దాన్ని విడదీస్తే అర్థం పోతుంది.”

“భోజనం, సిబ్బంది ప్రవర్తన విడదీశారుగా?”

“అది వేరు సార్. వంట బాగుండి మనుషులు బాగుండకపోవచ్చు.”

“అయినవాళ్ళు దగ్గరుండి ప్రశాంతం లేకపోవచ్చు.”

ఆవిడకి చర్రున కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో గుండుసూది మీద గొంతు పెంచింది లేదు. “మీకు ఎవరూ లేరు కాబట్టి అలా అనిపిస్తుంది” అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది. ఆయన ఒంటరి మనిషి, ఆఫీసులో అందరికీ తెలిసినదే.

గుండుసూది మొహం మాడ్చుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నాకు ఎవరూ లేరు కాబట్టి కనిపించిందేమో. మీకు ఆ రెండూ ఒకటే అవ్వచ్చమ్మా. జవాబు చెప్పేది మీరు కాదు. దగ్గరతనం కావాలీ, ప్రశాంతం వద్దూ అనే మనిషి ఉండొచ్చు. ప్రశాంతం కావాలీ, దగ్గరతనం అక్కర్లేదూ అనే మనిషీ ఉండొచ్చు. ఆ మనిషి ఈ ప్రశ్నకి ఏం చెబుతుంది? ఆలోచించి, ఏదో ఒకటిలే అని అవుననేస్తుంది. మీరే కదా నాకు ఎప్పుడో చెప్పింది, డాక్టరూ మందులూ అని.”

ఆవిడ కాగితం తన వైపు లాక్కుంది. పెన్ను తీసి ఆ ప్రశ్నని రెండు ముక్కలు చేసింది. ‘మీ కుటుంబానికి దగ్గరగా ఉండటం మీకు ఎంత ముఖ్యం?’ ‘మీరు ఉండే చోటు ప్రశాంతంగా ఉండటం మీకు ఎంత ముఖ్యం?’ ఒప్పుకుని చేసిన పని కాదు అది. పద్ధతి కాబట్టి చేసింది. గుండుసూదికి క్షమాపణ చెప్పింది, ఆయన “పోనిద్దురూ” అన్నాడు. సాయంత్రం హోమ్‌కి వెళ్ళినా ఆ చిరాకు వదల్లేదు. అక్కకి మాత్రం ఈ కాగితం సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే అదీ తొయ్యడమే అవుతుంది.

ప్రశ్నలు అడిగే రోజున బంధువులెవరూ హోమ్ ఛాయలకి రాకూడదని సూచనల్లో రాసింది ఆవిడే. అయినవాళ్ళు ఎదురుగా కూర్చుంటే మనిషి వాళ్ళ మొహం చూసి జవాబు చెబుతుంది. అందుకని ఆ రోజు బస్టాండులో దిగి, ఎదురుగా ఉన్న గేటు వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. భర్త ఆశ్చర్యపోయి, “ఏంటే, ఇవాళ తొందరగా వచ్చావు, అక్కకి ఒంట్లో బాగాలేదా?” అన్నాడు. సంగతి చెప్పింది. ఆయన వేళాకోళం ఆడలేదు. తనే కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాడు.

జవాబుల కాగితాలు వేరే విభాగానికి వెళ్ళాయి. ఎవరు ఏం చెప్పారో పేర్లు లేకుండా లెక్కకట్టారు. ఫలితం అధికారి నోట విన్నది. సగానికి పైగా మనుషులు ఇక్కడే ఉంటామన్నారు, చెప్పుకోదగ్గ మంది మాత్రం కొత్త చోటికి వెళతామన్నారు. పాత హోమ్ మూయరు. వెళ్ళాలనుకునేవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే పంపుతారు. వార్డెనమ్మ ఫోన్ చేసి, “మేడమ్, మీరు అడిగినట్టు అడిగినా నిలబడ్డాం” అంది. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

కదా మేడమ్ ఆ సాయంత్రం నడిచి వెళ్ళలేదు, దాదాపు పరిగెత్తింది. అక్క గదిలో నాలుగు మంచాలు. కిటికీ అవతల బస్సుల హారన్లు. అక్క తల దువ్వుకుని, దిండ్లకి ఆనుకుని ఉంది.

“అక్కా, హోమ్ తీసెయ్యట్లేదు. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇక్కడ బాగానే ఉంది కదా?”

“బాగానే ఉందే చిన్నీ.”

ఆవిడ కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది. ఆ ప్రశ్న తన చెవికే వినిపించింది. మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం అడుగుతున్న ప్రశ్న అది. ఆఫీసులో ఎవరైనా ఇలాంటిది రాసి పంపితే ఒక్క చూపులో కొట్టిపారేసేది. ఊరందరి ‘కదా’లూ కొట్టేసి, తన ‘కదా’ని మాత్రం రోజూ తెచ్చి అక్క ముందు పెట్టింది.  అడగకుండా వెళ్ళిపోవచ్చు. హోమ్ నిలిచింది, అక్క ఇక్కడే ఉంటుంది, అంతా తను కోరుకున్నట్టే అయింది. ఇంకో ప్రశ్న అడిగి దాన్ని చెడగొట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

“అక్కా” అంది. “నీకు ఇక్కడ ఉండాలని ఉందా, కొత్త హోమ్‌కి వెళ్ళాలని ఉందా?”

అక్క కిటికీ వైపు చూసింది. పక్క మంచాలవాళ్ళు భోజనాల గదికి వెళ్ళిపోయారు. చెల్లెలు ఆ ప్రశ్నకి ఇంకేమీ చేర్చలేదు. అడిగాక ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమని ఆవిడకి వృత్తిరీత్యా తెలుసు, ఇప్పుడు ఒంటికి తెలిసింది.

“ఆ వచ్చిన అమ్మాయి కూడా ఇలాగే అడిగింది” అంది అక్క. “దగ్గరగా ఉండటం వేరుగా అడిగింది, ప్రశాంతంగా ఉండటం వేరుగా అడిగింది. రెండూ వేరు చేసి నన్ను అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆలోచించాల్సి వచ్చింది.”

“ఏం చెప్పావు?”

“దగ్గరగా ఉండటం ఎటూ చెప్పలేనన్నా. ప్రశాంతం చాలా ముఖ్యమన్నా.” అక్క గొంతు ఎప్పటిలాగే ఒకే తీరుగా ఉంది. “వెళ్ళాలనే చెప్పానే చిన్నీ. అక్కడ ఒక్కొక్కళ్ళకీ ఒక్కో గదట. రోడ్డు లేదట. ఈ హారన్లకి నాకు నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వు అడగలేదుగా. బాగుంది కదా అంటావు. బాగుందంటాను. బాగాలేదంటే నువ్వు ఇంటికి వెళ్ళి ఏడుస్తావు.”

చెల్లెలు తల వంచుకుంది. అక్క ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు వేళ్ళు కదిపింది. వాచిపోయిన ఆ వేళ్ళు ముడుచుకోవు, ఊరికే కదులుతాయి.

“ఇంకోటుంది. చెబితే నొచ్చుకుంటావు.”

“చెప్పు.”

“నాలుగింటికి వేసుకోవాల్సిన నొప్పి మాత్ర ఒకటి ఉంది. వేసుకుంటే మగతగా ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది. నువ్వొచ్చేసరికి అలా ఉండకూడదని, నువ్వు వెళ్ళాకే వేసుకుంటున్నా. తల దువ్వించుకుని, దిండ్లు పెట్టించుకుని కూర్చునేసరికి ప్రాణం పోతుంది. వార్డెనమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించా. నీ కబుర్లు వినడం నాకిష్టమే. కానీ నువ్వు రాని రోజు, మొన్న ఆ ప్రశ్నలవాళ్ళు వచ్చిన రోజు, టైముకి మాత్ర వేసుకుని పడుకున్నా. ఎంత హాయిగా ఉందో.”

కదా మేడమ్‌కి ఆ దిండ్లు ఎందుకంత ఎత్తుగా ఉంటాయో ఇప్పుడు తెలిసింది. తన సాయంత్రాలన్నీ అక్క నొప్పి మీద కూర్చుని గడిపింది. తను అక్క కోసం వస్తున్నాననుకుంది. అక్క తన కోసం కూర్చుంటోంది. తల్లి పోయిన నాటి నుంచీ అంతే, ఇంకా జడ వేస్తూనే ఉంది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు ఏడిస్తే అక్క మళ్ళీ ఓదార్చడానికి దిండ్ల మీద పైకి లేవాలి. అందుకని మింగేసింది.

“మాత్ర ఎక్కడుంది?” అంది.

సొరుగులో ఉంది. ఇచ్చి, గ్లాసు పట్టుకుంది. దిండ్లు ఒక్కొక్కటే తీసి, అక్కని వెల్లకిలా పడుకోబెట్టింది. “దరఖాస్తు రేపు తెస్తాను” అంది.

“కోపం వచ్చిందా?”

“రాలేదు. బాధగా ఉంది. రెండూ వేరు.”

అక్క కొంచెం నవ్వింది.

“అక్కడికి నన్ను ఎప్పుడెప్పుడు రమ్మంటావు?” అని అడిగింది చెల్లెలు. వారానికోసారా, నెలకోసారా అని గళ్ళు పెట్టలేదు. అక్క కళ్ళు మూసుకుని ఉంది, మాత్ర పనిచెయ్యడం మొదలుపెట్టినట్టుంది. జవాబు వస్తుందో రాదో తెలియక చెల్లెలు అలాగే నిలబడింది.

“నీకు వీలైనప్పుడు రా” అంది అక్క ముద్దగా. “నేను లేవను మరి. పడుకునే ఉంటాను.”

కొత్త హోమ్‌కి చెల్లెలు మొదటిసారి వెళ్ళింది నెల తర్వాత. బస్సు దిగాక ఇంకా చాలా నడవాలి. గది చిన్నది, కిటికీ అవతల గడ్డి తప్ప ఏమీ లేదు. తలుపు తీసి చూస్తే అక్క గోడవైపు తిరిగి నిద్రపోతోంది, జుట్టు చెదిరి ఉంది. చెల్లెలికి ఎన్నో కబుర్లు ఉన్నాయి, గుండుసూది రిటైరయ్యాడు, వార్డెనమ్మ అడిగానని చెప్పమంది. కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని కూర్చుంది. తిరుగు బస్సుకి టైమయ్యేదాకా అక్క లేవలేదు. ఆవిడ లేపలేదు.